మొత్తం మీద నష్టమే అయినా క్రిప్టోపై పన్ను ఎందుకు పడుతుంది

ప్రశ్న: మధురవాడలో ఉంటాను సార్, ప్రైవేటు ఉద్యోగం. 2025 జూన్‌లో రెండు లక్షలతో బిట్‌కాయిన్ కొన్నాను. సెప్టెంబరులో దాని విలువ రూ. 2,60,000 ఉన్నప్పుడు మొత్తం ఈథర్‌లోకి మార్చాను. 2026 జనవరిలో ఆ ఈథర్‌ను రూ. 1,70,000కు అమ్మేశాను. షేర్లలో ఏడాదిలోపు అమ్మినవాటి మీద నికరంగా రూ. 30,000 పోయింది. ఇంకో కంపెనీ షేర్లు 2023 నవంబరులో 400 చొప్పున వంద, 2025 ఆగస్టులో 700 చొప్పున వంద కొని, డిసెంబరులో వంద షేర్లు 650 చొప్పున అమ్మాను. అంతా నష్టమే కదా, పన్ను ఎందుకు కట్టాలి? ప్రతి లావాదేవీ వివరం దాచమంటున్నారు, బ్యాంకు స్టేట్‌మెంట్ సరిపోదా?

సమాధానం:

కట్టాలి. క్రిప్టో మీద మీ పన్ను రూ. 18,720. ఎక్స్ఛేంజి మీ దగ్గర టీడీఎస్ సరిగ్గా కోసి ఉంటే అందులో రూ. 4,300 ఇప్పటికే ప్రభుత్వానికి చేరింది. మిగిలిన రూ. 14,420 మీరు కట్టాలి. షేర్ల మీద ఏమీ కట్టనక్కర్లేదు, కాకపోతే అక్కడ మీరు వేసుకున్న లెక్క సరైనది కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రం అస్సలు సరిపోదు.

ద్వారకానగర్‌లో ఇరవై రెండేళ్లుగా పన్ను రిటర్నులు వేయడమే నా పని. డబ్బు పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఇంకా కట్టాలని చెప్పడం ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. అందుకే ఈ పన్ను ఎక్కడి నుంచి పుట్టిందో విడమరిచి చెబుతాను.

మీ జేబు లెక్కలో జరిగినవి రెండే: రెండు లక్షలు వెళ్లాయి, లక్షా డెబ్బై వేలు తిరిగి వచ్చాయి. చట్టం లెక్కలో మాత్రం మీరు రెండుసార్లు అమ్మారు. సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను ఈథర్‌లోకి మార్చడం కూడా అమ్మకమే. చేతికి రూపాయి రాకపోయినా ఒక ఆస్తిని ఇచ్చి మరో ఆస్తిని తీసుకున్నారు కాబట్టి అది బదిలీ కిందకు వస్తుంది. ఆ రోజు మీరు రూ. 2,60,000 విలువైనది పొందారు, దాని అసలు రూ. 2,00,000. లాభం రూ. 60,000. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 115బీబీహెచ్ ప్రకారం దీని మీద 30 శాతం, అంటే రూ. 18,000. దాని మీద 4 శాతం సెస్సు రూ. 720. మీ జీతం ఏ శ్లాబులో ఉన్నా, కాయిన్‌ను నెల రోజులు ఉంచినా నాలుగేళ్లు ఉంచినా ఈ రేటు మారదు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజి తీసుకున్న రుసుమూ, ఇందుకోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ కూడా లెక్కలోకి రావు.

ఆ రోజు నుంచి మీ ఈథర్‌కు కొన్న ధర రూ. 2,60,000 అయింది. చాలామంది ఇక్కడే పొరపడి, ఈథర్‌కు కూడా మొదట పెట్టిన రెండు లక్షలనే అసలుగా రాస్తారు. జనవరిలో అమ్మినది రూ. 1,70,000కు, కాబట్టి ఆ అమ్మకంలో నష్టం రూ. 90,000. ఆ తొంభై వేలను సెప్టెంబరు నాటి అరవై వేల మీద సర్దుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. చట్టం ఒప్పుకోదు. క్రిప్టో నష్టాన్ని జీతం మీదా, షేర్ల లాభం మీదా, చివరికి మరో క్రిప్టో లాభం మీదా సర్దుకోవడానికి వీల్లేదు. వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికీ వీల్లేదు. 2022లో ఈ సెక్షన్ తెచ్చినప్పుడు బిల్లులో 'మరే ఇతర నిబంధన కింది ఆదాయం' అని ఉన్నచోట, చట్టమయ్యేటప్పుడు 'ఇతర' అనే మాటను తీసేశారు. ఆ ఒక్క మాట పోవడంతో క్రిప్టోకూ క్రిప్టోకూ మధ్య సర్దుకునే దారి కూడా మూసుకుపోయింది. రిటర్నులో క్రిప్టో అమ్మకాలు రాసే భాగమైన షెడ్యూల్ వీడీఏ తెరిచి చూడండి. ప్రతి అమ్మకానికీ ఒక వరుస ఉంటుంది: కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన మొత్తం, ఆదాయం. నష్టం వచ్చిన వరుసలో ఆదాయం గడి దగ్గర సున్నా వేయమని అందులోనే రాసి ఉంటుంది. మీ మొదటి వరుసలో 60,000, రెండో వరుసలో సున్నా, మొత్తం 60,000. ముప్పై వేలు పోగొట్టుకున్న మనిషికి అరవై వేల ఆదాయం కనబడేది ఇలాగే.

షేర్ల పద్ధతి వేరు. మన ఫిషింగ్ హార్బర్‌లో రెండు బోట్లున్న యజమాని ఒక బోటు నష్టాన్ని రెండో బోటు లాభంతో పూడ్చుకుంటాడు, సీజన్ చివర ఒకే ఖాతా చూసుకుంటాడు. షేర్ల నష్టాలకు చట్టం చాలావరకు అలాంటి ఖాతానే ఇచ్చింది. క్రిప్టోలో ప్రతి వేటకూ విడిగా లెక్క కట్టి, లాభం వచ్చిన వేట మీద పన్ను తీసుకుని, నష్టం వచ్చిన వేటను చూడకుండా వదిలేస్తుంది. ఇది న్యాయం కాదనే నా అభిప్రాయం. అయినా రిటర్ను వేసేటప్పుడు ఉన్న చట్టం ప్రకారమే వేయాలి.

ఇక మీ షేర్లు. డిసెంబరులో అమ్మిన వంద, ఆగస్టులో 700 చొప్పున కొన్నవే అనుకుని రూ. 5,000 నష్టం వేసుకున్నట్టున్నారు. డీమ్యాట్ ఖాతాలో ఉన్న షేర్లకు ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క. కాబట్టి మీరు అమ్మినవి 2023 నవంబరులో 400 చొప్పున కొన్న వంద. లాభం రూ. 25,000. పన్నెండు నెలలు దాటింది కాబట్టి అది దీర్ఘకాలిక లాభం. లిస్టయిన షేర్ల మీద ఇలాంటి లాభం ఏడాదికి రూ. 1,25,000 వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. పన్నెండు నెలల్లోపు అమ్మితే 20 శాతం. 700 చొప్పున కొన్న వంద ఇంకా మీ ఖాతాలోనే ఉన్నాయి, వాటి నష్టమో లాభమో అమ్మిన రోజున తేలుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మీకున్న రూ. 30,000 స్వల్పకాలిక నష్టం ముందుగా ఈ రూ. 25,000 దీర్ఘకాలిక లాభాన్ని మింగేస్తుంది. ఆ లాభం మీద ఎలాగూ పన్ను లేదు కదా, నష్టాన్ని మొత్తంగా దాచుకుంటాను అంటే కుదరదు. సర్దుబాటు అయ్యాకే లక్షా పాతిక వేల మినహాయింపు మాట వస్తుంది. మీకు ముందుకు తీసుకెళ్లడానికి మిగిలేది రూ. 5,000 మాత్రమే. అది కూడా రిటర్నును గడువులోగా, అంటే మీ విషయంలో జూలై 31లోగా వేస్తేనే. క్రిప్టో ఉంది కాబట్టి ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. షేర్లను కొన్న రోజే అమ్మే అలవాటు ఉన్నా, ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడినా అది వ్యాపార ఆదాయం కిందకు వెళ్లి ఐటీఆర్-3 అవుతుంది. మీరు ఆ మాట చెప్పలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇప్పుడు రికార్డుల సంగతి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండే వరుసలు ఉంటాయి: జూన్‌లో రెండు లక్షలు బయటకు, జనవరిలో లక్షా డెబ్బై వేల నుంచి టీడీఎస్ పోగా మిగిలినది లోపలికి. సెప్టెంబరు బ్యాంకుకు తెలియదు. పన్ను పుట్టింది సెప్టెంబరులో. ఆదాయపు పన్ను శాఖకు మాత్రం సెప్టెంబరు తెలుసు. సెక్షన్ 194ఎస్ కింద 2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కోస్తున్నారు, కాయిన్‌కు కాయిన్ మార్చుకున్నా సరే. మీకు సెప్టెంబరులో రూ. 2,600, జనవరిలో రూ. 1,700 కోసి ఉంటారు. మీ టీడీఎస్ చూపించే ఫారం 26ఏఎస్‌లోనూ, మీ లావాదేవీల గురించి శాఖకు అందిన సమాచారం చూపించే ఏఐఎస్‌లోనూ మీ పాన్ మీద కనబడే అమ్మకాల మొత్తం రూ. 4,30,000. రెండు లక్షలు పెట్టిన మనిషికి నాలుగు లక్షల ముప్పై వేల అమ్మకాలు.

అందులో కొన్న ధర ఉండదు. టీడీఎస్ అమ్మకం మీద పడుతుంది కాబట్టి శాఖ దగ్గర ఉన్నది అమ్మకం అంకె మాత్రమే. అసలు ఎంతో నిరూపించాల్సిన భారం మీది. ఆ జూన్ కొనుగోలు కాగితం దొరక్కపోతే, సెప్టెంబరు నాటి రూ. 2,60,000 మొత్తాన్నీ లాభంగా తీసుకోవచ్చు. అప్పుడు ఆ ఒక్క వరుస మీదే పన్ను, సెస్సుతో కలిపి రూ. 81,120. కాగితం ఉంటే 18,720.

కాగితం ఎందుకు దొరకదు అంటారా? కాయిన్ ఒకచోట నుంచి మరో చోటికి కదిలినప్పుడు దాని వెంట కొన్న ధర కదలదు. ఒక ఎక్స్ఛేంజిలో కొని, సొంత వాలెట్‌కు పంపి, అక్కడి నుంచి ఇంకో ఎక్స్ఛేంజికి పంపి అమ్మారనుకోండి. రెండో ఎక్స్ఛేంజికి తెలిసింది ఫలానా రోజు ఇన్ని కాయిన్లు వచ్చాయనే. ఏడాది చివర అది తయారుచేసి ఇచ్చే పన్ను నివేదికలో కొన్న ధర దగ్గర సున్నా ఉండవచ్చు. ఆ నివేదికను చూడకుండా యథాతథంగా రిటర్నులో ఎక్కించినవారు నా దగ్గరకు వచ్చారు. లేని లాభం మీద పన్ను వేసుకున్నది వాళ్లే. మీ సొంత వాలెట్ల మధ్య బదిలీ అమ్మకం కాదు, దాని మీద పన్ను లేదు. కానీ అది సొంత బదిలీ అని చూపించేది ట్రాన్సాక్షన్ హ్యాష్, అంటే ప్రతి బదిలీకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య మాత్రమే. బయటకు వెళ్లిన వరుసలోనూ లోపలికి వచ్చిన వరుసలోనూ అదే హ్యాష్ ఉండాలి. షేర్లలో కూడా ఒక డీమ్యాట్ నుంచి మరో డీమ్యాట్‌కు మార్చుకుంటే కొత్త బ్రోకరు తెర మీద కొన్న ధర ఖాళీగా కనబడవచ్చు. కొన్న రోజు బ్రోకరు పంపిన పాత కాంట్రాక్టు నోటు మన దగ్గర ఉండాల్సింది అందుకే.

రెండేళ్ల క్రితం గాజువాక నుంచి ఒక యువకుడు వచ్చాడు. అతను వాడిన ఎక్స్ఛేంజి సేవలు ఆపేసింది, లాగిన్ తెరుచుకోవడం లేదు. వివరణ అడుగుతూ శాఖ నుంచి సందేశం వచ్చింది. అతని దగ్గర ఉన్నది ఫోనూ, బ్యాంకు పాసుబుక్కూ. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ముందు అతని ఈమెయిలులో ఆ ఎక్స్ఛేంజి పేరుతో వెతికి ప్రతి ఆర్డరు నిర్ధారణనూ బయటకు తీశాం. వాటి పక్కన యూపీఐ చెల్లింపుల వరుసలు పెట్టాం. ఫారం 26ఏఎస్‌లోని 194ఎస్ వరుసలతో అమ్మకాల తేదీలు సరిచూశాం. ఎక్కువ భాగం కలిసింది. కలవనిది మనిషికీ మనిషికీ మధ్య జరిగిన కొనుగోళ్ల దగ్గర. పాసుబుక్కులో ఎవరో తెలియని వ్యక్తికి నలభై వేలు పంపినట్టు ఉంది, అది కాయిన్ కోసమే అని చూపించే ఆర్డరు సంఖ్య ఎక్కడా లేదు. అలాంటివి మూడు. ఆ మూడింటి కొన్న ధరను వదులుకుని, సున్నాగా రాసి పన్ను కట్టించాను. అప్పట్లో ఆర్డరు తెరను ఫొటో తీసి ఉంచితే సరిపోయేది. అతని ముఖం నాకు ఇంకా గుర్తుంది.

డాలరు విలువకు కట్టిన యూఎస్‌డీటీ అనే కాయిన్ కొని దాంతో రోజూ ట్రేడింగ్ చేసేవారికి ఇది ఇంకా కష్టం. వారి దృష్టిలో రూపాయల లావాదేవీలు మొదట ఒకటి, చివర ఒకటి. మధ్యలో యూఎస్‌డీటీ ఇచ్చి వేరే కాయిన్, ఆ కాయిన్ ఇచ్చి మళ్లీ యూఎస్‌డీటీ, ఇలా మూడు వందలు జరిగితే మూడు వందలూ బదిలీలే. ప్రతిదానికీ ఆ క్షణాన రూపాయల్లో విలువ కావాలి. అందుకోసం ఏ రేటు తీసుకున్నారో రాసుకుని, ఏడాదంతా అదే పద్ధతిని పాటించండి. లాభానికి ఒక పద్ధతి, నష్టానికి ఒక పద్ధతి తీసుకుంటే అడిగినప్పుడు చెప్పే జవాబు ఉండదు.

స్టేట్‌మెంట్‌లో టైము ఏ దేశానిదో కూడా చూసుకోండి. విదేశీ ఎక్స్ఛేంజిలు ఎక్కువగా యూటీసీ టైములో ఇస్తాయి. మన టైము దానికి ఐదున్నర గంటలు ముందు. మొన్న ఒకరి ఫైలులో మార్చి 31 రాత్రి 8.10కి అమ్మినట్టు ఉంది. మన లెక్కలో అది ఏప్రిల్ 1 తెల్లవారుజామున 1.40, అంటే వచ్చే ఆర్థిక సంవత్సరం. అలాంటి అమ్మకాన్ని తప్పు సంవత్సరంలో పెడితే రెండేళ్ల రిటర్నులూ తప్పుతాయి.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఎక్స్ఛేంజిలోకి వెళ్లి మూడు ఫైళ్లు దించుకోండి: ట్రేడ్ల చరిత్ర, కాయిన్ల జమలు, బయటకు పంపినవి. లాభనష్టాల సారాంశం ఒక్కటే దించుకుంటే చాలదు, అది వాళ్లు వేసిన లెక్క మాత్రమే. తర్వాత ఒక ఎక్సెల్ షీటులో ప్రతి లావాదేవీకి ఒక వరుస రాయండి. మన టైములో తేదీ, ఏది ఇచ్చారు, ఎంత, ఏది వచ్చింది, ఎంత, ఆ క్షణాన రూపాయి విలువ, కోసిన టీడీఎస్, ఆర్డరు సంఖ్య. కాయిన్ కదిలితే హ్యాష్. మీ సెప్టెంబరు వరుసలో ఇచ్చినది బిట్‌కాయిన్, వచ్చినది ఈథర్, విలువ 2,60,000, టీడీఎస్ 2,600 ఉంటుంది. వరుసలన్నీ రాశాక ఒక పరీక్ష ఉంది: ప్రతి కాయిన్‌కూ వచ్చినవాటిలోంచి పోయినవి తీసేస్తే, ఆ రోజు మీ దగ్గర నిజంగా మిగిలినంత రావాలి. తక్కువ వచ్చినా ఎక్కువ వచ్చినా ఎక్కడో ఒక వరుస తప్పిపోయిందన్నమాట. మీకు ఏమీ మిగలలేదు కాబట్టి రెండింటికీ సున్నా రావాలి.

ఆ తర్వాత `incometax.gov.in`లో ఏఐఎస్ తెరిచి, అక్కడి క్రిప్టో అమ్మకాల మొత్తాన్నీ మీ షెడ్యూల్ వీడీఏలో అమ్మకాల మొత్తాన్నీ పక్కపక్కన పెట్టండి. నష్టం వచ్చిన జనవరి వరుసను రాయకుండా వదిలేస్తే మీ మొత్తం 2,60,000 దగ్గర ఆగిపోతుంది, వాళ్ల దగ్గర 4,30,000 ఉంటుంది. పన్నులో తేడా లేకపోయినా ప్రశ్న వస్తుంది. కాబట్టి నష్టాల వరుసలు కూడా రాయాలి. షేర్ల విషయంలో ఏఐఎస్ అమ్మకం ధర మీ కాంట్రాక్టు నోటుతో అచ్చంగా కలవకపోవచ్చు, ఎందుకంటే డిపాజిటరీలు ఆ రోజు ముగింపు ధరతో అంచనా వేసి పంపుతాయి. అక్కడ కాంట్రాక్టు నోటునే నమ్మండి, ఏఐఎస్‌లో అభిప్రాయం నమోదు చేసే వీలుంది.

డబ్బు విషయంలో ఆలస్యం చేయకండి. టీడీఎస్ పోను కట్టాల్సింది పది వేలు దాటింది కాబట్టి మీరు మార్చిలోపే ముందస్తు పన్నుగా కట్టి ఉండాల్సింది. కట్టకపోతే ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం వడ్డీ నడుస్తుంది. 14,420 మీద అది చిన్న మొత్తమే, జూలై దాకా ఆగితే పెరుగుతుంది. సెక్షన్ల సంఖ్యల గురించి ఒక మాట: 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సంఖ్యలు మారాయి. మీ 2025-26 లెక్క మాత్రం పాత చట్టం కిందే.

ఈ ఫైళ్లను ఎన్నాళ్లు ఉంచాలని మీరు తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. క్రిప్టోవి కనీసం ఆరేళ్లు. షేర్లవి అంతకంటే ఎక్కువ. మీ రూ. 5,000 నష్టం 2034-35 అసెస్‌మెంట్ సంవత్సరం వరకు వాడుకోవచ్చు, వాడుకున్న ఏడాది దాన్ని చూపించమంటే ఈ కాగితాలే చూపించాలి. 700 చొప్పున కొన్న వంద షేర్ల ఆగస్టు కాంట్రాక్టు నోటును అవి అమ్మేదాకా, అమ్మాక మరో ఆరేళ్లు ఉంచండి.